స్టిక్కరు మీద లోవరాజు పేరు

సికింద్రాబాద్‌లోని కార్ఖానా మెయిన్ రోడ్డు దాటి లోపలికొచ్చే గల్లీలో నాకో స్టిక్కర్ల దుకాణం ఉంది. విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు కూడా వేస్తాను గానీ, నాకు పేరొచ్చింది మాత్రం మాటల వల్ల. ఒక్క మాటలో రెండు అర్థాలు ఇరికించి స్లోగన్ రాయమంటే ఈ చుట్టుపక్కల యుగంధర్‌ని మించినవాడు లేడు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. గల్లీ చివర టైలర్ బోర్డు మీద "మాకు కుట్రలు తెలీవు, కుట్లే తెలుసు" అని రాసింది నేనే. అది చదివి స్కూటర్లు ఆపి మరీ నవ్విన వాళ్లున్నారు.

ఇంత తెలివి ఉన్నవాణ్ని ఒక ప్లంబర్ బతుకును రెండు నెలలు ఎలా గందరగోళం చేశానో చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆ ప్లంబర్ పేరు లోవరాజు. తుని దగ్గర పల్లె నుంచి పదకొండేళ్ల కిందట సికింద్రాబాద్ వచ్చాడు. బన్సీలాల్‌పేట్‌లో బ్రహ్మచారి అనే పేరున్న ఒక మేస్త్రి ఉన్నాడు, పెద్ద పనిమంతుడు. గోడలో ఎక్కడ పైపు చెమ్మగిల్లిందో అరచెయ్యి ఆనించి చెప్పగలడు. లోవరాజు ఆయన దగ్గర చేరి, సంచి మోసి, గోడలు కొట్టి, ట్యాంకుల్లో దిగి, ఆయన విద్యంతా నేర్చుకున్నాడు. చివరి మూడు నాలుగేళ్లు మేస్త్రికి మోకాళ్లు సహకరించక నిచ్చెనలన్నీ ఇతనే ఎక్కాడు. కానీ ఏ ఇంటికి వెళ్లినా తలుపు తీసినవాళ్లు లోపలికి తిరిగి "చారిగారి మనిషొచ్చాడు" అని కేకేసేవాళ్లు. పదకొండేళ్లలో పేరు అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మొన్న సంక్రాంతి ముందు విజిటింగ్ కార్డు మీద మేస్త్రి పేరు కింద తన పేరు కూడా చిన్నగా వేయించమని అడిగాడట. మేస్త్రి ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగింది. లోవరాజు బయటికొచ్చేశాడు.

వచ్చేటప్పుడు అతను చేసిన పని ఒకటి ఉంది. తన పాత సిమ్ విరిచేశాడు. మేస్త్రి గిరాకీలు కొందరి దగ్గర ఆ నంబరుంది కాబట్టి వాళ్లు తనకు ఫోన్ చేస్తే మేస్త్రి నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు అవుతుందని కొత్త సిమ్ తీసుకున్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి వాళ్లుంటారా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. అతను స్టిక్కరు సంగతి చూడమన్నాడు.

అలా ఫిబ్రవరిలో నా దుకాణానికి వచ్చాడు. మోటారు స్టార్టర్ల పక్కన, నీళ్ల మీటర్ల మీద, అపార్టుమెంటు గేట్ల దగ్గర అంటించుకోవడానికి అయిదు వందల స్టిక్కర్లు కావాలన్నాడు. "లోవరాజు ప్లంబింగ్ అండ్ రిపేర్స్" అని పేరు పెద్దగా ఉండాలన్నాడు, కొత్త నంబరు చీటీ మీద రాసిచ్చాడు. ఒక సంగతి కూడా చెప్పాడు. ఫోన్ యాప్‌లో పనులిచ్చే ఒక కంపెనీవాళ్లు రమ్మంటున్నారట. వాళ్ల చొక్కా, వాళ్ల టోపీ, వాళ్ల పేరు. ఏప్రిల్ లోపు సొంత పేరు మీద గిరాకీ కుదరకపోతే ఆ చొక్కా తొడుక్కోవడమే. భార్య లోవలక్ష్మి టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బి ఇల్లు నడుపుతోంది, ఆమెను అంతకంటే ఎక్కువ రోజులు ఆగమనలేనన్నాడు. మళ్లీ ఇంకొకరి మనిషి కావడమే కదా అని మెల్లిగా అన్నాడు.

నాకు జాలేసింది. జాలేస్తే నాకు స్లోగన్ పుడుతుంది. అక్కడికక్కడే రాసి పెద్దగా చదివాను: "నీరుగారిపోకండి... మమ్మల్ని పిలవండి!"

లోవరాజు మొహంలో ఏ కదలికా లేదు. అనుమానంగా అడిగాడు.

"నీరు గారిపోకండి అంటున్నారేటండి? నీరు గారితేనే కదండీ మనల్ని పిలుత్తారు?"

రెండు అర్థాలున్నాయని చెప్పాను. నీరుగారడం అంటే దిగాలు పడిపోవడం, నీళ్లు కారడం కూడాను. ఇంట్లో నల్లా కారితే మనిషి డీలా పడతాడు, రెండూ ఒక్క మాటలో వచ్చేశాయి. స్కూటర్ మీద పోయేవాడు మూడు క్షణాల్లో చదవాలి, ఒక అర్థం కంటికి తగలాలి, రెండోది నాలుగు అడుగులు వేశాక తగలాలి, అప్పుడు పెదవి విచ్చుకోవాలి. అలా నవ్వినవాడు పేరు మర్చిపోడు. ఈ విద్యకు లెక్కలున్నాయని పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అతను బుద్ధిగా తలూపాడు. అర్థమైందా అంటే, "అర్థమైందండి, అయితే నీరు గారితే పిలవొచ్చు కదండీ?" అన్నాడు. ఏం చెయ్యమంటారు నన్ను?

ఇక్కడే మా దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. అచ్చుకు ముందు గిరాకీకి ఒకసారి చూపించి ఓకే అనిపించుకోవాలి. నేను చూపించడంతో ఆగను, స్లోగన్‌ని గొంతు సవరించుకుని చదివి వినిపిస్తాను. విన్నవాడు ఓకే అంటాడు. లోవరాజు కూడా విని, తెర మీద తన పేరు వైపు చాలాసేపు చూసి, ఓకే అన్నాడు. నీలం మీద పసుపు అక్షరాలు. ఆ పేరును వేలితో ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కార్ఖానా నుంచి మౌలాలి రైల్వే కాలనీ దాకా నడిచి, వాచ్‌మెన్లను బతిమాలి, అయిదు వందలూ అంటించాడు. తరువాత ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క ఫోనూ రాలేదు.

మొదటి వారం పోనీలే అనుకున్నాం. రెండో వారం వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. జనం స్లోగన్ చూసి నవ్వుతున్నారట. ఒక కాలేజీ పిల్ల దాన్ని ఫొటో తీసుకుందట. ఇంత మెచ్చుకునేవాళ్లకు ఒక్కరికైనా నల్లా కారదా అని అతని ప్రశ్న. సబబైన ప్రశ్నే. జవాబు లేనప్పుడు నేను ఇంకో స్లోగన్ రాస్తాను. నా బలమూ అదే, రోగమూ అదే.

ఈసారి "పైపై పనులు చేయం, పైపు పనులే చేస్తాం" అని రాశాను. రాసుకున్నాక నాకు నేనే దండం పెట్టుకున్నాను. పాత ఫైలే తెరిచి స్లోగన్ ఒక్కటి మార్చి మూడు వందలు కొట్టిచ్చాను, డబ్బులు కూడా తీసుకోలేదు. నాలుగు రోజుల తరువాత లోవరాజు ఇంకా అయోమయంగా వచ్చాడు. మౌలాలిలో ఒకాయన ఇతను స్టిక్కరు అంటిస్తుండగా ఆపి, మాది నాలుగో అంతస్తు, పై పనులు చెయ్యరట కదా, కింద వాళ్లకేనా అని అడిగాడట. "అయితే సార్, ఇపుడు నేను మెట్లెక్కొచ్చా, ఎక్కకూడదా?" అన్నాడు లోవరాజు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. అతని మీద కాదు, తెలుగు చదవడం రాని ఈ ఊరి మీద. మూడోది రాశాను: "ఇంట్లో కారుండాలి, నల్లా కారకుండాలి!" ఇందులో తప్పు పట్టేవాడు పుట్టలేదనుకున్నాను. లోవరాజు దాన్ని రెండుసార్లు చదువుకుని, కార్లు లేనోళ్లు పిలవరేమోనండి అన్నాడు. వాళ్ల ఊళ్లో నల్లాను కుళాయి అంటారు. నల్లా అన్న మాట నేర్చుకోవడానికే తనకు ఏడాది పట్టిందన్నాడు. ఈ మనిషికి నా మాటలు, నాకు ఈ మనిషి బొత్తిగా పొంతన కుదరడం లేదని తల పట్టుకున్నాను. అయినా కొట్టిచ్చాను.

మార్చి అయిపోవచ్చింది. ఎండలు ముదిరాయి, ఊరంతా నీళ్ల గోల. మిగతా ప్లంబర్లకు తల గోక్కునే తీరిక లేదు. లోవరాజుకు మాత్రం పక్క వాటాలో ఒక వాషర్, ఎదురింట్లో ఒక సింకు తప్ప పని లేదు. మనిషి చిక్కిపోయాడు. స్టిక్కర్ల మీద తన పేరు కనబడితే తల తిప్పుకుని పోతున్నానన్నాడు. అది విన్నరోజు నాకు అన్నం సయించలేదు.

ఆ తరువాతే అసలు విడ్డూరం జరిగింది. కార్ఖానాలో ఒక అపార్టుమెంటు సంఘానికి విజయమ్మగారని రిటైరైన టీచరమ్మ పెద్ద. చివరి ప్రయత్నంగా లోవరాజు ఆమె దగ్గరికి వెళ్లి, అమ్మా, నేను లోవరాజునండి, ఏదైనా పనుంటే చెప్పండని అడిగాడు. ఆవిడ సంతోషంగా లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చిందట. మీ మనిషి మొన్ననే వచ్చి వంటింటి పైపు బ్రహ్మాండంగా చేసి వెళ్లాడు, నేను పూజలో ఉన్నాను, పనమ్మాయి తలుపు తీసింది, లోవరాజు మనిషినని చెప్పాడట, పైన రెండిళ్లలో కూడా చేశాడు, మీ పేరే అందరికీ చెబుతున్నాం అందట.

లోవరాజు అక్కడినుంచి నేరుగా నా దుకాణానికి వచ్చి పడ్డాడు. చెమటలు కారుతున్నాయి.

"నాకు మనుషులు లేరండి. నేనొక్కణ్నేనండి. నా పేరు సెప్పుకుని ఎవరో తిరుగుతున్నారండి."

ఎవడో దొంగ అన్నాను. కాదు, ఆ యాప్ కంపెనీవాళ్ల పన్నాగం అన్నాను. పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాను. దొంగైతే పని బాగా ఎందుకు చేస్తాడండి అని లోవరాజు అడిగాడు.  కుడితిలో పడ్డ ఎలుకల్లా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఇంక తన వల్ల కాదని, సోమవారం వెళ్లి ఆ చొక్కా తెచ్చుకుంటానని అన్నాడు.

అసలు ఈ జనం ఫోన్ చేస్తే ఏమవుతుందో చూద్దామని, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, గోడ మీద నమూనాగా అంటించుకున్న స్టిక్కరు చూస్తూ నా ఫోన్‌లో నంబరు నొక్కాను. లోవరాజు ఎదురుగానే ఉన్నాడు, ఫోను అతని చేతిలోనే ఉంది. పదో అంకె నొక్కగానే నా తెర మీద పేరు పడింది. "చారి మేస్త్రి".

అతని చేతిలో ఫోన్ మోగలేదు. నా ఫోన్‌లో మాత్రం రెండుసార్లు మోగి, ఒక ముసలి గొంతు పలికింది: "హలో, లోవరాజు ప్లంబింగ్. చెప్పున్రి."

స్పీకర్లో ఆ గొంతు విని లోవరాజు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. పదకొండేళ్లు విన్న గొంతు మరి. నేను ఫోన్ కట్ చేశాను. కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచాను. ఫైలు పేరే "చారి కార్డు పాతది". ప్లంబర్ అనగానే ప్లంబర్ ఫైలు తీశాను, నల్లా బొమ్మ ఉంది కదా అని. పేరు మార్చాను, స్లోగన్ మార్చాను, నంబరు అలాగే ఉండిపోయింది. మూడుసార్లు గొంతు సవరించుకుని స్లోగన్లు చదివానే గానీ, ఒక్కసారి పది అంకెలు చదవలేదు.

మరి నువ్వెలా చూడలేదయ్యా, ఎనిమిది వందలకు పైగా చేత్తో అంటించావు కదా అని అడిగాను. అడిగే మొహం నాది కాకపోయినా అడిగాను. అతను స్టిక్కరు వంక పిచ్చిచూపు చూస్తూ చెప్పాడు. పదకొండేళ్లుగా ఏ ఇంట్లో నంబరడిగినా చెప్పింది ఆ నంబరేనట. చూస్తే తప్పులా అనిపించలేదట. కొత్త సిమ్ నంబరు తనకే ఇంకా నోటికి రాదట.

ఇద్దరం నా స్కూటర్ మీద బన్సీలాల్‌పేట్ బయలుదేరాం.  దారంతా నేను మేస్త్రికి ఏం చెప్పాలో గొణుక్కుంటూ రెండు సిగ్నళ్లు దాటేశాను. నాకు పట్టిన అనుమానం ఒక్కటే. గొడవపడి పోయిన శిష్యుడి గిరాకీలన్నీ గుట్టుగా మింగేశాడన్నమాట. ఎంత పెద్ద మనిషైనా రోషమొస్తే అంతే అనుకున్నాను. లోవరాజుకు కూడా అదే తోచిందని అతను మెట్ల దగ్గర కాసేపు ఆగిపోవడం చూసి తెలిసింది.

మేస్త్రి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కుడి మోకాలు వాచి బుర్రకాయంత ఉంది. ఆయన భార్య భవానిగారు వేడి గుడ్డతో కాపడం పెడుతోంది. పక్కన పానాలు, రెంచీలున్న సంచి, దాని మీద ఒక నోటుబుక్కు. మమ్మల్ని చూసి ఆయన పలకరించలేదు, కూర్చోమనలేదు. లోవరాజు గడప దగ్గరే నిలబడి, నేను నోరు తెరిచే లోపల అన్నాడు:

"నంబరు నేనే ఏయించానండి మేస్త్రీ. మీ సెయ్యి మీదుగా రావాలని."

నేను అదిరిపడ్డాను. నన్ను కాపాడటానికో, ఆయన పరువు కాపాడటానికో, ఎందుకన్నాడో నాకు ఇవాళ్టికీ తెలియదు. మేస్త్రి మాత్రం నవ్వలేదు.

"అబద్ధమాడకు లోవా. ఈ యుగంధర్ పాత ఫైలుల కొట్టిండు. గంత ఎరుక లేదా నాకు? నా మొదటి కార్డు మీద ఎవలదో కోళ్ల దుకాణం నంబరేసిండు. మూడు నెలలు నాకు ఫోన్లు రాలే, వాళ్లకేమో నల్లాల కోసం ఫోన్లు."

సిగ్గుతో నాకు నేల కనబడలేదు. ఆ సంగతి నేను మర్చేపోయాను. తప్పని తెలిసీ ఎందుకు వెళ్లారు మరి అని భయం భయంగా అడిగాను. ఆయన నావైపు చూడలేదు. లోవరాజుతోనే చెప్పాడు.

"మొదటి దినం ఒకామె చేసింది. లోవరాజేనా అన్నది. రాంగ్ నంబరమ్మా అందామనుకున్న. అంటే ఏమైతది? ఆమె ఇంకొకని పిలుస్తది, మల్ల నీ పేరు తల్సుకోదు. కొత్త పేరు గదరా. ఒక్కపారి పోతే మల్ల రాదు. నీకు చేద్దామంటే నీ నంబర్ బంద్. ఇంకేం జేయాలె? నేనే పోయిన."

భవానిగారు కాపడం ఆపి అందుకుంది. ముప్పై ఏడు ఇళ్లట. వద్దంటే వినలేదట. నాలుగో అంతస్తు ఎక్కి దిగిన రోజు ఈయన్ను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారట. దుకాణానికి వెళ్లి తప్పు చెప్పి దిద్దించుకు రావచ్చు కదా అంటే, వాడే రావాలె అని మొండికేశాడట. ప్రతి ఇంట్లో తన పేరు అడిగితే చెప్పలేదట. లోవరాజు మనిషిని అనే చెప్పాడట. వచ్చిన కూలి కూడా లోవరాజు పేరు మీదే ఆ నోటుబుక్కులో రాసి పక్కన పెట్టాడట. ఆవిడ గొంతులో కోపం ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. మేస్త్రి ఇబ్బందిగా మోకాలి వైపు చూసుకున్నాడు.

లోవరాజు గడప మీదే కూలబడ్డాడు.  రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఆ సన్నటి మనిషి, భుజాలు అదిరేలా ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి. రేపే కొత్త స్టిక్కర్లు వేసిస్తాను, ఈసారి నంబరే మొదట చదువుతాను అని ఏదో అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో మంచం మీద ఫోను మోగింది. మేస్త్రి మా అందరి వైపూ ఒకసారి చూసి, గొంతు సర్దుకుని ఎత్తాడు.

"ఆఁ, లోవరాజు ప్లంబింగే... మౌలాలిలనా? ట్యాంకు కాడి వాల్వా?... నేనా?... లేదమ్మా, ఇన్ని దినాలు ఆయన మనిషిగ నేనొచ్చిన. ఇయ్యాల లోవరాజే స్వయంగ వస్తుండు."

ఫోను పెట్టి నోటుబుక్కులో చిరునామా రాసి, కాగితం చింపి చాచాడు. లోవరాజు మోచేత్తో మొహం తుడుచుకుని లేచాడు. కాగితం తీసుకుని, వంగి ఆయన వాచిన మోకాలిని ముట్టుకున్నాడు. పానాల సంచి భుజానికి తగిలించుకుని గబగబా మెట్లు దిగిపోయాడు. చెప్పులు మర్చిపోయి మళ్లీ వెనక్కి వచ్చాడు.